ఒక చిరునామా, మూడు కాగితాలు: ఇంటి నుంచి నడిపే ఆన్‌లైన్ షాపులో బిల్లు, జీఎస్టీ, పార్శిల్ లేబుల్

నేను విజయవాడలో మా ఇంట్లోని ముందు గదిలో కూర్చుని మంగళగిరి నూలు చీరలు, కుర్తీలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఫొటో తీసేది, ఆర్డర్ చూసేది, బిల్లు కొట్టేది, పార్శిల్ కట్టేది అన్నీ నేనే. ఈ పనిలో చీరల ఎంపిక కంటే నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఒక చిన్న విషయం. కొనేది ఒకరు, సరుకు చేరేది ఇంకొకరికి అయినప్పుడు బిల్లు మీద ఏ చిరునామా రాయాలి, ఏ రాష్ట్రం పన్ను వేయాలి, లేబుల్ మీద ఎవరి పేరు ఉండాలి? ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే అని తెలిశాక మిగతా లెక్కలన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. అందుకే ఒకే ఒక్క ఆర్డర్ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

గుంటూరులో ఉన్న ఒకావిడ హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలి పుట్టినరోజుకి ఒక చీర, ఒక కుర్తీ ఆర్డర్ పెట్టారు. చీర 2,100, కుర్తీ 1,260, కొరియర్ ఖర్చు 84 రూపాయలు. మొత్తం 3,444. డబ్బు కట్టింది గుంటూరు నుంచి, సరుకు వెళ్లాల్సింది హైదరాబాద్‌కి.

ఆ బిల్లు దగ్గరికి వెళ్లే ముందు అసలు నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎందుకు ఉందో చెప్పాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ముందున్న 20 లక్షల పరిమితినే పెంచి 40 చేశారు, తెలంగాణ ఆ పెంపు తీసుకోలేదు కాబట్టి అక్కడ పరిమితి 20 లక్షలే. ఈ అంకెలు విని "నాకింకా టైముంది" అనుకుంటాం. కానీ ఆ పరిమితి సొంత రాష్ట్రంలోనే అమ్మేవారికి. పన్ను ఉన్న వస్తువు ఒక్కటి రాష్ట్రం దాటినా, టర్నోవర్ ఎంతైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకున్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో తీసుకున్నా, సొంత వెబ్‌సైట్‌లో తీసుకున్నా తేడా లేదు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి వెళ్లే పార్శిల్ రాష్ట్రం దాటినట్టే. మనకి భాష ఒకటే, చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు, కాబట్టి అది బయటి రాష్ట్రం అని తోచదు. జీఎస్టీకి మాత్రం హైదరాబాద్ అయినా భోపాల్ అయినా లెక్క ఒకటే.

చేతివృత్తుల వస్తువులకు ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉన్న వస్తువులను, ప్రధానంగా చేత్తో చేసినవాటిని, పరిమితిలోపు టర్నోవర్ ఉన్నవారు రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రానికి పంపవచ్చు. అప్పుడు పార్శిల్ విలువ ఎంత తక్కువైనా, సరుకు దారిలో ఉన్నప్పుడు చూపించాల్సిన ఈ-వే బిల్లు తీయాలి. మీ సరుకు ఆ జాబితాలో ఉందో లేదో ఆడిటర్‌తో కూర్చుని చూసుకోవాలి, పక్కవాళ్లు చెప్పారని వదిలేయకూడదు. ఇంకొక దారి కాంపొజిషన్ స్కీం. పన్ను రేటు తక్కువ, లెక్కలు తేలిక. కానీ ఆ స్కీంలో ఉంటే సరుకు రాష్ట్రం దాటకూడదు. ఆన్‌లైన్ షాపుకి అది కాళ్లు కట్టేసినట్టే.

రిజిస్ట్రేషన్‌కి ఇల్లే వ్యాపార స్థలంగా చూపించవచ్చు. మా ఇల్లు మా మామగారి పేరున ఉంది. కరెంటు బిల్లు, ఆయన సంతకంతో అంగీకార పత్రం ఇస్తే సరిపోయింది. వచ్చిన నంబరులో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్. ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. ఈ నంబరు గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలని నిబంధన. ఇంట్లో నడిపే వ్యాపారమైనా అది వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఇచ్చే బిల్లు మామూలు బిల్లే. దాని మీద జీఎస్టీ అని ఒక్క రూపాయి వేసినా తప్పే. పన్ను వసూలు చేసే హక్కు రిజిస్ట్రేషన్ ఉన్నవారికే ఉంది.

ఇప్పుడు గుంటూరు ఆవిడ ఆర్డర్. అమ్మేది ఆంధ్రప్రదేశ్‌లో, సరుకు చేరేది కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే అయితే పన్ను రెండు ముక్కలవుతుంది. సగం కేంద్రానికి సీజీఎస్టీ, సగం రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ. చేరే చోటు వేరే రాష్ట్రమైతే మొత్తం కలిపి ఐజీఎస్టీ. కొనేవారు కట్టే డబ్బులో తేడా ఉండదు, అది ఏ ఖాతాలో పడుతుందన్నదే తేడా. మరి చేరే చోటు అంటే ఏది? డబ్బు కట్టిన గుంటూరా, చీర వెళ్లిన హైదరాబాదా?

2023 అక్టోబరు 1 నుంచి చట్టంలో చేరిన మాట ప్రకారం, కొనేవారికి జీఎస్టీ నంబరు లేకపోతే బిల్లు మీద రాసిన చిరునామా ఉన్న రాష్ట్రమే లెక్క. బిల్లు మీద చిరునామా అసలు రాయకపోతే అమ్మేవారి రాష్ట్రమే చేరే చోటు అవుతుంది. ఇది చదివి చాలామంది బిల్లింగ్ చిరునామా రాసేసి సొంత రాష్ట్రం పన్ను వేసేశారు. నేనూ అదే చేశాను. దాని మీద 2024 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చి స్పష్టం చేసింది. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు బిల్లింగ్ చిరునామా ఒకటి, డెలివరీ చిరునామా వేరొకటి అయితే, పన్ను కోసం డెలివరీ చిరునామానే కొనేవారి చిరునామాగా బిల్లు మీద రాయాలి. కాబట్టి గుంటూరు ఆవిడ ఆర్డర్‌కి చేరే చోటు తెలంగాణ, పన్ను ఐజీఎస్టీ.

ఈ ఒక్క మాటతో ముడి వీడిపోతుంది. పార్శిల్ మీద అంటించే లేబుల్ ఏ చిరునామా చెబుతుందో బిల్లూ అదే చెప్పాలి, ఆ తర్వాత దాఖలు చేసే జీఎస్టీ రిటర్న్‌లోనూ ఆ రాష్ట్రమే పడాలి. మూడింటిలో ఏ ఒక్కటి వేరుగా ఉన్నా ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. బిల్లు కొట్టాక లేబుల్ పక్కన పెట్టి రాష్ట్రం పేరు రెండింటి మీదా ఒకటే ఉందో లేదో చూడటం నాకిప్పుడు అలవాటు. కొనేవారికి జీఎస్టీ నంబరు ఉండి, సరుకు మూడో మనిషికి పంపమంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు పంపమన్న వ్యాపారి రాష్ట్రమే లెక్క. ఇంటి షాపుకి అలాంటి ఆర్డర్లు అరుదు, వస్తే మాత్రం విడిగా చూసుకోవాలి.

సొంత వెబ్‌సైట్ నడిపేవారు ఈ పనిని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించవచ్చు. నాది వూకామర్స్. అందులో పన్ను సెట్టింగుల దగ్గర `Calculate tax based on` అని ఒక వరుస ఉంటుంది. దాన్ని `Customer shipping address` మీద పెట్టాలి. నా పాత తప్పుకి కారణం అక్కడ బిల్లింగ్ చిరునామా ఎంచుకుని ఉండటమే. ఆ తర్వాత రేట్ల పట్టికలో మూడు వరుసలు చాలు, ముఖ్యమైన గడులు ఇవి:

```
Country  State  Rate %  Tax name  Priority
IN       AP     2.5     CGST      1
IN       AP     2.5     SGST      2
IN       *      5       IGST      1
```

ఒక్కో ప్రయారిటీ నంబరుకి ఒక్క రేటే పడుతుంది. కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఆర్డర్‌కి పై రెండు వరుసలూ, మిగతా దేశమంతటికీ మూడో వరుసా వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్ వరుసలు పైన, `*` గుర్తున్న వరుస కింద ఉండాలి. వరుస చివర `Shipping` అనే గడి టిక్ చేసి ఉండాలి, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది కొనేవారు ఎంచుకున్న రాష్ట్రం మాత్రమే. హైదరాబాద్ చిరునామా రాసి, రాష్ట్రం దగ్గర అలవాటుగా ఆంధ్రప్రదేశ్ నొక్కేసేవారు ఇప్పటికీ ఉన్నారు. అందుకే నేను పిన్‌కోడ్‌తో సరిచూస్తాను. 50తో మొదలైతే తెలంగాణ, 51, 52, 53తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ అని పైపైన లెక్క. కానీ రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది. యానాం పిన్‌కోడ్ 533464. చుట్టూ గోదావరి జిల్లాలే, పిన్ కూడా 53తోనే మొదలవుతుంది, కానీ యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడికి పంపితే ఐజీఎస్టీ. రెండోది, 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలు. చింతూరు, కూనవరం లాంటి ఊళ్లకి పిన్‌కోడ్ ఇప్పటికీ 507తోనే ఉంది, రాష్ట్రం మాత్రం ఆంధ్రప్రదేశ్. ఈ ఊళ్లకి వచ్చే ఆర్డర్లలో పిన్‌ని నమ్మకుండా ఊరి పేరు చూసి రాష్ట్రం రాయాలి.

ఇక లెక్క. నా ధరలన్నీ పన్ను కలిపినవే. వెబ్‌సైట్‌లో 2,100 అని చూసి చివర్లో 2,205 కట్టమంటే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. అయితే కలిపిన ధర నుంచి పన్ను వెనక్కి తీసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 2,100లో 5 శాతం 105 అని తీసేస్తారు. అది తప్పు. 5 శాతం వేసేది పన్ను కలపని ధర మీద. కాబట్టి

```
పన్ను = మొత్తం ధర × 5 / 105
```

ఆ ప్రకారం చీర 2,000, పన్ను 100. కుర్తీ 1,200, పన్ను 60. కొరియర్ 80, పన్ను 4. పన్ను లేని విలువ 3,280, ఐజీఎస్టీ 164, మొత్తం 3,444. ఇదే పార్శిల్ గుంటూరుకే వెళ్తే సీజీఎస్టీ 82, ఎస్‌జీఎస్టీ 82 అయ్యేది.

కొరియర్ ఖర్చు మీద నేను 5 శాతమే వేయడం చూసి ఒక స్నేహితురాలు ఆశ్చర్యపోయింది. కొరియర్ వాళ్లు తనకి 18 శాతం వేస్తున్నారు కదా, మరి నువ్వు 5 ఎలా వేస్తావని అడిగింది. అవి రెండు వేర్వేరు అమ్మకాలు. కొరియర్ వాళ్లు నాకు అమ్మింది రవాణా సేవ, దానికి 18. నేను కస్టమర్‌కి అమ్మింది చీర, దాన్ని ఇంటికి చేర్చడం ఆ అమ్మకంలో భాగం. అందుకని నేను విడిగా వసూలు చేసే కొరియర్ ఖర్చు చీర విలువలో కలిసిపోతుంది, చీర రేటే దానికీ వర్తిస్తుంది. ఇందాక చెప్పిన `Shipping` టిక్ అందుకే. అది లేకపోతే కొరియర్ డబ్బు పన్ను లేకుండా బిల్లులో కూర్చుంటుంది, ఆ పన్ను తర్వాత మన జేబులోంచి కట్టాలి. కొరియర్ వాళ్లు వేసిన 18 శాతం మాత్రం వృథా కాదు. వాళ్ల బిల్లు మీద నా జీఎస్టీ నంబరు ఉంటే అది నేను కట్టాల్సిన పన్నులోంచి తగ్గే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. కొరియర్ యాప్‌లో ఖాతా తెరిచిన రోజే ప్రొఫైల్‌లో నంబరు నమోదు చేయాలి. నేను మొదటి మూడు నెలలూ నమోదు చేయలేదు, ఆ క్రెడిట్ పోయినట్టే.

రేట్ల విషయంలో బట్టలు అమ్మేవారు ఒక గీత గుర్తుపెట్టుకోవాలి. చీర బట్ట కిందికి వస్తుంది, నూలు చీరకి ధర ఎంతైనా 5 శాతమే. కుర్తీ కుట్టిన దుస్తులు. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన దుస్తులు ఒక్కో పీస్ విలువ 2,500 వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. పన్ను కలపని ధర 2,500 ఉన్న కుర్తీ కస్టమర్‌కి 2,625కి చేరుతుంది. అదే ధర 2,600 చేస్తే 18 శాతం కలిపి 3,068 అవుతుంది. నేను పెంచింది వంద, కొనేవారి మీద పడింది 443. అందుకే కుట్టుపని ఎక్కువున్న కుర్తీలకి ధర పెట్టేటప్పుడు ముందు పన్ను లేని ధర రాసుకుంటాను, కలిపిన ధర తర్వాత వేసుకుంటాను.

బిల్లు మీద ఏమేం ఉండాలో నిబంధనలో పెద్ద జాబితానే ఉంది. సాఫ్ట్‌వేర్ చాలావరకు తనే నింపుతుంది కాబట్టి మనిషి చేసే తప్పుల గురించే చెబుతాను. మొదటిది నంబరు. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆర్థిక సంవత్సరంలో ఒక్కో నంబరు ఒక్కసారే రావాలి, వరుస తప్పకూడదు. నాది `MC/25-26/0147` లాగా ఉంటుంది, 13 అక్షరాలు. ఏప్రిల్ 1న మళ్లీ 0001 నుంచి మొదలు.

వరుస తప్పకూడదన్న దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. వెబ్‌సైట్ ఇచ్చే ఆర్డర్ నంబరునే బిల్లు నంబరుగా వాడితే మధ్యలో ఖాళీలు వస్తాయి. డబ్బు కట్టకుండా ఆగిపోయిన ఆర్డర్లకి కూడా నంబర్లు పోతాయి కదా. 2231 తర్వాత 2238 వస్తుంది. ఆ ఆరూ ఏమయ్యాయని అడిగితే చెప్పడానికి కాగితం ఉండదు. బిల్లుకి వేరే వరుస పెట్టి, ఆర్డర్ ఖాయమయ్యాక, సరుకు బయటికి వెళ్లేలోపు నంబరు పడేలా చేసుకోవాలి. తప్పు బిల్లు కొట్టేస్తే దాన్ని చెరిపేసి అదే నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. రద్దు అని గుర్తుపెట్టి ఫైల్లో ఉంచాలి. రిటర్న్‌లో `13 - Documents Issued` అనే చోట ఎన్ని నంబర్లు వాడాం, ఎన్ని రద్దు చేశాం అని రాయాల్సి ఉంటుంది, అప్పుడా కాగితమే ఆధారం.

నా గుంటూరు ఆర్డర్ బిల్లులో పైన నా పేరు, ఇంటి చిరునామా, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ ఉంటాయి. కింద చెల్లెలి పేరు, హైదరాబాద్ చిరునామా, చేరే చోటు తెలంగాణ, కోడ్ 36. కొనేవారికి జీఎస్టీ నంబరు లేక, బిల్లు 50,000 లోపు ఉంటే పేరూ చిరునామా పూర్తిగా రాయకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. కానీ చిరునామా లేకపోతే చేరే చోటు మారిపోతుందని ఇందాక చూశాం. అందుకే ఆన్‌లైన్ అమ్మకంలో ప్రతి బిల్లు మీదా రాష్ట్రం పేరు రాయాల్సిందే అని నా అభిప్రాయం. ఆ తర్వాత ఒక్కో వస్తువుకి వరుస, అది ఏ రకం వస్తువో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ నాలుగంకెలు, సంఖ్య, విలువ, రేటు, పన్ను. కింద సంతకం.

బహుమతి పార్శిల్‌లో ధర కనబడకూడదని చాలామంది కోరతారు. అది న్యాయమైన కోరికే. చట్టం ప్రకారం బిల్లు మూడు కాపీలు. కొనేవారికి ఒకటి, రవాణా చేసేవారికి ఒకటి, మన ఫైల్లో ఒకటి. కొనేవారి కాపీ గుంటూరు ఆవిడకి మెయిల్‌లో పంపిస్తాను. రవాణా కాపీ మడిచి, పార్శిల్ బయట ప్లాస్టిక్ పౌచ్‌లో పెడతాను. డబ్బాలోపల చీర, పుట్టినరోజు చీటీ మాత్రమే ఉంటాయి. పౌచ్ మీద "బిల్లు" అని రాసి మూసేస్తే ఎవరో తెరిస్తే తప్ప ధర కనబడదు.

ఇక లేబుల్. ఇది కాగితం ముక్కే కానీ ఇక్కడ పోయే డబ్బు పన్ను తప్పుల్లో కూడా పోదు. మొదట్లో నేను మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్లో ఏ4 కాగితం మీద లేబుల్ తీసి, కత్తిరించి, తడవకూడదని పైన మెరిసే టేపు నిలువునా వేసేదాన్ని. ఒక వానాకాలం వరసగా మూడు పార్శిళ్లు ఎక్కడో గోడౌన్‌లో ఆగిపోయాయి. తీరా చూస్తే ఒకదాని ఇంకు కరిగి బార్‌కోడ్ గీతలు కలిసిపోయాయి, మిగతా రెండింటి మీద టేపు మెరుపుకి స్కానర్ చదవలేకపోయింది. బార్‌కోడ్ చదవకపోతే ఆ పార్శిల్ ఎవరిదీ కానట్టే.

ఇప్పుడు నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న థర్మల్ లేబుల్ వాడుతున్నాను. ఇంకు ఉండదు, వేడితో అచ్చవుతుంది. ఎండకి మాత్రం పాలిపోతుంది, వేడికి నల్లబడుతుంది, కాబట్టి లేబుల్ రోలు నీడన పెట్టాలి. ప్రింట్ ఇచ్చేటప్పుడు తెర మీద `Fit to page` అని ఉంటే దాన్ని `Actual size` చేయాలి. సైజు కుదిస్తే గీతల మధ్య ఖాళీలు దగ్గరైపోతాయి. కంటికి తేడా తెలియదు, స్కానర్‌కి తెలుస్తుంది. బార్‌కోడ్‌కి రెండు వైపులా తెల్లటి ఖాళీ వదలాలి, లేబుల్ అంచు దాకా రాకూడదు. అంటించేటప్పుడు డబ్బా మూత కలిసే చోట కాకుండా చదునైన పెద్ద ముఖం మీద పెట్టాలి. అంటించాక ఫోన్‌లో స్కాన్ చేసి నంబరు సరిగ్గా వస్తుందో చూస్తాను. ఫోన్ తడబడితే కొత్త లేబుల్ తీస్తాను.

స్పీడ్ పోస్ట్‌లో పంపితే వచ్చే నంబరు 13 అక్షరాలు. రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర `IN`. ఆ నంబరు బిల్లు కాపీ మీద కూడా రాసుకుంటాను. మూడు నెలల తర్వాత "నాకు రాలేదు" అని ఎవరైనా అడిగితే బిల్లు నంబరు నుంచి ట్రాకింగ్ నంబరుకి వెళ్లడం ఒక్క నిమిషం పని అవుతుంది.

లేబుల్ మీద ఉండే బరువు మీద కూడా కాస్త శ్రద్ధ పెట్టాలి. కొరియర్ వాళ్లు అసలు బరువు, పరిమాణం లెక్కన వచ్చే బరువు, రెండింటిలో ఎక్కువదానికి డబ్బు తీసుకుంటారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తే కిలోలు వస్తాయి. గుంటూరు ఆర్డర్ చీర, కుర్తీ కలిపి తూకంలో 700 గ్రాములే. అదే 30, 25, 8 సెంటీమీటర్ల డబ్బాలో పెడితే 6,000ని 5,000తో భాగించి 1.2 కిలోలు. అరకిలో లెక్కన పెంచుకుంటూ పోతే కట్టాల్సింది కిలోన్నరకి. అదే చీరని మందపాటి కవర్లో చదునుగా పెడితే ఎత్తు 4 సెంటీమీటర్లు, లెక్క 600 గ్రాములు. అప్పుడు తూకం బరువే ఎక్కువ కాబట్టి కిలో ఛార్జీతో సరిపోతుంది. బట్టలకి డబ్బా అక్కర్లేదని నాకు ఈ లెక్క నేర్పింది. బరువు తప్పు రాశామని తర్వాత కొరియర్ యాప్ వాలెట్ నుంచి డబ్బు కోసేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ప్రతి పార్శిల్‌నీ తూకం మీద పెట్టి, అంకె, లేబుల్ రెండూ కనిపించేలా ఫొటో తీస్తాను. కొలత టేపు పక్కన పెట్టి ఇంకో ఫొటో. అభ్యంతరం పెట్టినప్పుడు ఆ రెండు ఫొటోలే సాక్ష్యం.

లేబుల్ మీద పంపేవారి చిరునామా కూడా జీఎస్టీలో నమోదైనదే అయి ఉండాలి. పండగల రద్దీలో మా అక్క ఇంట్లో సరుకు పెట్టి అక్కడి నుంచి పికప్ పెట్టాలనుకుంటే, ఆ ఇంటిని ముందుగా అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. 50,000 దాటిన పార్శిల్‌కి ఈ-వే బిల్లు కావాలి. చీరల షాపులో పెళ్లి ఆర్డర్లప్పుడు అది గుర్తుకు రావాలి.

పార్శిల్ వెనక్కి వస్తే ఏం చేయాలి? క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాక ఇది తప్పదు. తలుపు తాళం వేసి ఉందనో, ఇప్పుడు వద్దనో తిరిగి వచ్చేస్తుంది. బిల్లు అప్పటికే కొట్టేశాం, పన్ను లెక్కలో ఉంది. ఆ బిల్లుని చింపేస్తే సరిపోదు, దానికి క్రెడిట్ నోట్ రాయాలి. గుంటూరు ఆవిడ ఆర్డర్లో కుర్తీ సైజు సరిపోక చెల్లెలు తిప్పి పంపిందనుకుందాం. క్రెడిట్ నోట్‌కి దాని సొంత వరుస నంబరు, పాత బిల్లు నంబరు, తేదీ, కుర్తీ విలువ 1,200, ఐజీఎస్టీ 60 రాస్తాను. కస్టమర్‌కి 1,260 తిరిగి ఇస్తాను. పన్ను తగ్గేది అసలు బిల్లు ఏ రాష్ట్రం కింద ఉందో అక్కడే, అంటే తెలంగాణ కింద. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు ఈ తగ్గింపు చూపించుకోవాలి, ఆ తర్వాత పన్ను వెనక్కి రాదు. కొరియర్ వాళ్లు రెండు వైపులా తీసుకున్న ఛార్జీ మాత్రం మనదే. క్యాష్ ఆన్ డెలివరీ లేబుల్ మీద వసూలు చేయాల్సిన మొత్తం కూడా ఉంటుంది. అది బిల్లు మొత్తంతో పైసాతో సహా సరిపోవాలి. లేబుల్ తీశాక డిస్కౌంట్ ఇచ్చి బిల్లు మార్చి, లేబుల్ మార్చకపోతే గుమ్మం దగ్గర గొడవ మొదలవుతుంది.

ఇవన్నీ చివరికి రిటర్న్‌లో కలుస్తాయి. నేను మూడు నెలలకోసారి దాఖలు చేసే పద్ధతిలో ఉన్నాను, 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవారు దీన్ని ఎంచుకోవచ్చు. పన్ను మాత్రం మొదటి రెండు నెలలూ తర్వాతి నెల 25 లోపు కట్టేస్తూ ఉండాలి. త్రైమాసికం అయ్యాక 13వ తేదీలోపు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, మన రెండు రాష్ట్రాల వారికి 22వ తేదీలోపు మొత్తం పన్ను లెక్క చూపించే 3బి. మామూలు కస్టమర్ల బిల్లులను ఒక్కొక్కటిగా ఎక్కించనక్కర్లేదు. వేరే రాష్ట్రానికి వెళ్లి, లక్ష దాటిన బిల్లుకి మాత్రమే విడి వివరాలు. మిగతావన్నీ `7 - B2C (Others)` లో రాష్ట్రం వారీగా, రేటు వారీగా మొత్తాలు. తెలంగాణ 5 శాతం ఇంత, కర్ణాటక 5 శాతం ఇంత అని. వేరే రాష్ట్రాల అమ్మకాలు 3బిలో `3.2` దగ్గర మళ్లీ రాష్ట్రాల వారీగా కనిపిస్తాయి.

మార్కెట్‌ప్లేస్‌లో కూడా అమ్మేవారికి ఇంకో లెక్క ఉంది. ఆ సంస్థ మన అమ్మకం మీద 0.5 శాతం జీఎస్టీ టీసీఎస్‌గా కోసుకుని మన పేరున కడుతుంది, దాన్ని పోర్టల్‌లో అంగీకరిస్తేనే పన్ను కట్టడానికి వాడే మన క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. సొంత సైట్‌లో మన సరుకే మనం అమ్ముకుంటే ఈ కోత ఉండదు.

బిల్లింగ్ చిరునామాతో నేను చేసిన పాత తప్పు త్రైమాసికం చివర్లో బయటపడింది. తెలంగాణ మొత్తం చూస్తే నేను పంపిన పార్శిళ్ల కంటే చాలా తక్కువగా ఉంది. కొరియర్ యాప్ నుంచి డెలివరీ రాష్ట్రాల జాబితా దింపి బిల్లుల జాబితా పక్కన పెట్టాను. పదకొండు ఆర్డర్లలో రాష్ట్రం కలవలేదు, అన్నీ బహుమతి పార్శిళ్లే. అప్పటికింకా రిటర్న్ వేయలేదు కాబట్టి ఆ బిల్లులు సరిచేసి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ తీసేసి ఐజీఎస్టీ కింద చూపించాను. రిటర్న్ వేసేశాక తెలిసి ఉంటే ఐజీఎస్టీ మళ్లీ కట్టి, తప్పు ఖాతాలో కట్టిన డబ్బుని రెండేళ్లలోపు రీఫండ్ అడగాల్సి వచ్చేది. అలా కట్టినదాని మీద వడ్డీ వేయరు, కానీ డబ్బు రెండు చోట్లా ఇరుక్కుంటుంది. అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒక వారం పార్శిళ్లకి పావుగంట పడుతుంది.